ఫొటోలో ఉన్న చేతిరాత స్వెటర్ పాటర్న్: వరుసల చెక్‌లిస్ట్‌గా రాసుకోవడం, కుట్ల లెక్క సరిచూసుకోవడం

ప్రశ్న: మా అమ్మమ్మ పాత నోట్‌బుక్‌లో చిన్నపిల్లల చేతుల్లేని స్వెటర్ పాటర్న్ ఉంది. పుస్తకం చెన్నైలో పిన్ని దగ్గరుంది, ఆవిడ ఫోన్లో ఫొటోలు తీసి పంపింది. నేను బెంగళూరులో ఉంటాను, మా బాబుకి డిసెంబరులోపు అల్లాలని ఉంది. దీన్ని వరుసకో టిక్ పెట్టుకునే లిస్టుగా ఎలా రాసుకోవాలి? ఒకచోట 71ఓ 77ఓ తెలియట్లేదు, ఇంకోచోట 53ఓ 58ఓ. అల్లడం మొదలుపెట్టకముందే కుట్ల లెక్క సరిపోతుందో లేదో చూసుకోవచ్చా? ఫొటోలు పెడుతున్నాను, వెనక భాగం వరకైనా చెప్పండి.

జవాబు:

చూసుకోవచ్చండి, సూది ముట్టుకోకుండా కాగితం మీదే. ప్రతి వరుస పక్కన రెండు అంకెలు రాయండి: ఆ వరుస ఎన్ని కుట్లు తీసుకుంటుంది, అల్లాక సూది మీద ఎన్ని మిగులుస్తుంది. ఒక వరుస మిగిల్చింది, తర్వాతి వరుస తీసుకునేది ఒకటే అయ్యుండాలి. పద్దు పుస్తకంలో ఒక పేజీ చివరి నిల్వ తర్వాతి పేజీ మొదట్లోకి వచ్చినట్టే. ఎక్కడ తేడా వస్తే అక్కడ మీరు తప్పు చదివుండాలి, లేదా అమ్మమ్మగారు రాసేటప్పుడే ఏదో వదిలేసి ఉండాలి. మీ ఫొటోల్లో రెండూ ఉన్నాయి. మీ సందేహాలకి జవాబు ముందే చెప్పేస్తాను: అది 71, రెండోది 53. ఎందుకో కింద రాస్తున్నాను. మీరు అడగని తప్పు ఇంకొకటి అయిదో వరుసలో ఉంది, అది అలాగే అల్లితే మధ్యలో ఇరుక్కుంటారు.

ముందు ఫొటో సంగతి. పిన్నిగారిని ఇంకోసారి తీయమనండి. ఫ్లాష్ వద్దు, పగటిపూట కిటికీ పక్కన పుస్తకం బల్లమీద పరిచి, ఫోన్ పేజీకి సరిగ్గా పైన పట్టుకుని తీయాలి. మీ రెండో ఫొటో ఏటవాలుగా ఉంది కాబట్టి కుడివైపు అంకెలు ఇరుక్కుపోయాయి. సందేహం ఉన్న ముక్కల్ని దగ్గరగా విడిగా తీయమనండి. పేజీ వెనకవైపు కూడా ఒక ఫొటో కావాలి, ఎందుకంటే పాత నోట్‌బుక్కుల్లో ఇంకు అవతలికి దిగుతుంది, ఆ మరక ఇవతల చుక్కలా, కామాలా, ఒక్కోసారి నక్షత్రం గుర్తులా కనిపిస్తుంది. ఈ పాటర్న్‌లలో నక్షత్రం ఎక్కడుందన్నదే అసలు సంగతి, "ఇక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టు" అని చెప్పేది అదే.

తర్వాత పేజీలో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసుకోండి. ఇక్కడ ఏదీ సరిదిద్దొద్దు, విడమరిచి రాయొద్దు, అర్థం కాని అక్షరం దగ్గర ప్రశ్నార్థకం పెట్టి ముందుకెళ్ళండి. ఫొటోలోంచి అక్షరాలు లాగే ఫోన్ సౌకర్యాన్ని నమ్ముకోకండి. మామూలు ఇంగ్లిష్ చేతిరాతలోనే అది పొరబడొచ్చు, ఈ పొట్టి గుర్తుల మధ్య కామాలూ నక్షత్రాలూ మింగేస్తే ఆ తేడా మీకు కనపడదు కూడా. మీ ఫొటో చూసి నేను రాసుకున్నది ఇదీ:

```
Back: No.10, cast on 67. K1 P1 rib 14 rows,
inc 4 evenly in last row (7? sts). Change to No.8.
1st row: K6, *yfwd, sl 1, K2 tog, psso, yfwd, K5;
  rep from * to last st, K1.
3rd row: K.   Alt rows: P.
5th row: K2, *yfwd, sl 1, K2 tog, psso, yfwd, K5;
  rep from * to last 5 sts, yfwd, sl 1, K2 tog, psso, K2.
7th row: K.   8 rows form patt. Cont to 56 rows.
Armhole: cast off 4 beg next 2 rows. Dec 1 each end
  next and every alt row until 5? sts.
Cont to 98 rows. Cast off 7 beg next 4 rows. Leave 25.
```

ఇవి పాత బ్రిటిష్ పద్ధతి గుర్తులు. మన దగ్గర ఆ తరం వాళ్ళు ఎక్కువగా ఇలాగే రాసుకునేవాళ్ళు. ఒక్కో పని ఎన్ని కుట్లు తీసుకుని ఎన్ని మిగులుస్తుందో తెలిస్తే చాలు, మిగతాదంతా కూడికే. K అన్న మామూలు నిట్ గానీ P అన్న పర్ల్ గానీ ఒకటి తీసుకుని ఒకటి ఇస్తాయి. రెండు కలిపి అల్లితే రెండు తీసుకుని ఒకటి ఇస్తుంది. ఊలు ముందుకు తెచ్చి సూది మీద వేసుకోవడం, అదే వై-ఫార్వర్డ్, ఏమీ తీసుకోదు కానీ ఒక కుట్టు ఇస్తుంది, అక్కడే చిల్లు పడుతుంది. ఒక కుట్టు అల్లకుండా జార్చి, తర్వాతి రెండూ కలిపి అల్లి, జార్చినదాన్ని వాటి మీదుగా దాటించడం, అదే "sl 1, K2 tog, psso", మూడు తీసుకుని ఒకటి ఇస్తుంది. కుట్టు మూసేయడం ఒకటి తీసుకుని ఏమీ ఇవ్వదు.

ఇప్పుడు మొదటి వరుస చూడండి. నక్షత్రం నుంచి సెమీకోలన్ దాకా ఉన్న ముక్కని విడిగా లెక్కేస్తే: ఊలు ముందుకు 0, మూడు కలిపి 3, ఊలు ముందుకు 0, నిట్ 5, మొత్తం 8 తీసుకుంటుంది. ఇచ్చేది 1, 1, 1, 5, అదీ 8. అంటే ముక్క కుట్లని పెంచదు, తగ్గించదు. ముందు 6, చివర 1, కలిపి 7 కుట్లు ముక్క బయట ఉన్నాయి. కాబట్టి సూది మీదున్న సంఖ్యలోంచి 7 తీసేస్తే 8తో నిశ్శేషంగా భాగం పోవాలి. 77లోంచి 7 పోతే 70, 8తో పోదు. 71లోంచి 7 పోతే 64, ఎనిమిది ఎనిమిదులు. చేతిరాత తేల్చలేనిది భాగహారం తేల్చింది.

అయితే ఒక జాగ్రత్త. ఈ పరీక్ష శేషాన్ని మాత్రమే పట్టుకుంటుంది, 79 అయినా పాసైపోతుంది, 63 అయినా అంతే. కాబట్టి రెండో సాక్ష్యం కావాలి. ఇక్కడది పై లైన్లోనే ఉంది: 67 ఎక్కించి 4 పెంచితే 71. అది చెరిగిపోయి ఉంటే వెడల్పుతో చూసేవాళ్ళం. No.8 అంటే 4 మి.మీ. సూదుల మీద 10 సెం.మీ.కి 22 కుట్లు అనుకుంటే 71 కుట్లు దాదాపు 32 సెం.మీ., 79 అయితే 36. ముందూ వెనకా కలిపి 64 సెం.మీ. చుట్టుకొలత మూడు నాలుగేళ్ళ పిల్లాడి స్వెటర్, 72 అయితే ఇంకా పెద్దవాడిది. పిన్నిగారికి అది ఎవరి కోసం అల్లారో, అప్పుడు ఎంత వయసో గుర్తుండొచ్చు. చెన్నైలో స్వెటర్ అంటే ఏ ఊటీ ప్రయాణానికో అల్లి ఉంటారు, అలాంటివి ఇంట్లో గుర్తుంటాయి.

ఆ నాలుగు పెంచడాన్ని కూడా "సమానంగా" అని వదిలేయకుండా విప్పి రాయండి. రిబ్, అంటే ఒకటి నిట్ ఒకటి పర్ల్‌గా అల్లే కింది పట్టీ, దాని చివరి వరుసలో 13 కుట్లు, ఒకటి పెంచు, 14, పెంచు, 13, పెంచు, 14, పెంచు, 13. 13+14+13+14+13 = 67, మధ్యలో నాలుగు కొత్తవి, మొత్తం 71. ఇది కుట్టుకీ కుట్టుకీ మధ్య ఉన్న పోగుని ఎత్తి పెంచితే. ఒకే కుట్టులో ముందు నుంచి, వెనక నుంచి రెండుసార్లు అల్లి పెంచే అలవాటుంటే అది ఒక కుట్టు తీసుకుని రెండు ఇస్తుంది, అప్పుడు ఈ 13, 14లు మారతాయి.

ఇక అయిదో వరుస. ముందు 2, తర్వాత ముక్క, "చివరి 5 కుట్లు మిగిలేదాకా" అన్నారు. 71లోంచి 2, 5 పోతే 64, మళ్ళీ ఎనిమిది ముక్కలు, బాగుంది. ఆ చివరి అయిదు ఎలా అల్లమన్నారో చూడండి: ఊలు ముందుకు, మూడు కలిపి ఒకటి, నిట్ 2. తీసుకునేది 3+2 = 5, సరిపోయింది. ఇచ్చేది 1+1+2 = 4. అంటే 71తో మొదలైన వరుస 70తో ముగుస్తుంది. మూడు కలిపినదానికి అటొక చిల్లు, ఇటొక చిల్లు ఉండాలి, చివరిదాంట్లో రెండో "ఊలు ముందుకు" రాయడం మర్చిపోయారు. ముక్కలో ఉన్నది ఉన్నట్టు "yfwd" మరొకటి చేర్చి, మూడు కలిపిన తర్వాత ఊలు ముందుకు, ఆ తర్వాత నిట్ 2 అని సరిదిద్దుకోండి.

తీసుకునేవి మాత్రమే లెక్కేసి ఊరుకుంటే ఇది దొరకదు, అందుకే రెండు అంకెలూ కావాలంటాను. ఇంకో చిక్కేమిటంటే, అల్లేటప్పుడు ఈ తప్పు జరిగినచోట బయటపడదు. ఆరు పర్ల్, ఏడు నిట్, ఎనిమిది పర్ల్, వాటికి 70 అయినా 71 అయినా ఒకటే. తొమ్మిదో వరుసలో మళ్ళీ మొదటి వరుస డిజైన్ వస్తుంది, ఎడమ చివరికి వచ్చేసరికి చివరి నిట్‌కి కుట్టు ఉండదు. అల్లేవాళ్ళకి ఆ వరుసే తప్పుగా అల్లాననిపిస్తుంది, దాన్ని విప్పి మళ్ళీ అల్లుతారు, మళ్ళీ ఒకటి తక్కువే వస్తుంది. అసలు తప్పు నాలుగు వరుసల కిందుంది. చిల్లుల డిజైన్‌లో నాలుగు వరుసలు విప్పి మళ్ళీ కుట్లన్నీ సూదికెక్కించడం ఎంత విసుగో అల్లేవాళ్ళకి చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళు వాళ్ళకోసం రాసుకున్న నోట్సుల్లో ఇలాంటివి మామూలే, చేయి దానంతటదే సరిగ్గా అల్లేస్తుంది, రాసింది మళ్ళీ చదువుకోరు.

వరుస నంబర్ల గురించి ఒక మాట. రిబ్‌కి విడిగా 1 నుంచి 14 వేసి, డిజైన్ మళ్ళీ 1 నుంచి మొదలుపెట్టండి, పుస్తకంలో "56 వరుసలు" అన్నది అలా లెక్కేసిందే (56 అంటే ఎనిమిది వరుసల డిజైన్ ఏడుసార్లు). ఇలా రాసుకుంటే బేసి వరుసలన్నీ ముందువైపు, సరి వరుసలన్నీ వెనకవైపు వస్తాయి. రిబ్ 14 కాబట్టే ఇది కుదిరింది, ఎవరైనా 15 వరుసల రిబ్ అల్లితే డిజైన్ వెనకవైపు నుంచి మొదలై అన్నీ తలకిందులవుతాయి.

"ఈ 8 వరుసలు ఏడుసార్లు" అని ఒక లైన్ రాసి పక్కన ఏడు గీతలు గీసుకోకండి. 56 వరుసలకీ 56 లైన్లు ఉండాలి. టైప్ చేసేది ఎనిమిదే, మిగతాది కాపీ పేస్ట్. పిల్లాడు ఏడ్చాడనో కుక్కర్ కూసిందనో సూదులు పక్కన పెట్టి లేచి, మూడ్రోజుల తర్వాత వచ్చి కూర్చుంటే ఎక్కడున్నామో చెప్పేది ఆ లైనే.

చంక దగ్గరే అసలు పని. పుస్తకంలో రెండే రెండు లైన్లు, "డిజైన్ కొనసాగిస్తూ" అన్న మాట కూడా లేదు కానీ ఉద్దేశం అదే. ముందు మొత్తం లెక్క చూద్దాం. 71లోంచి 4, 4 మూసేస్తే 63. ఆ తర్వాత రెండు చివరలా ఒక్కోటి, అంటే ఒక్కసారికి రెండేసి తగ్గుతాయి. 63 నుంచి రెండేసి తగ్గుతూ పోతే ఎప్పుడూ బేసి సంఖ్యే మిగులుతుంది. 58 సరి సంఖ్య, అక్కడికి ఎన్నటికీ చేరదు. 53 అయితే తేడా 10, అయిదుసార్లు తగ్గించాలి. పైగా చివర్లో భుజాలకి 7 చొప్పున నాలుగుసార్లు మూసి 25 వదలమన్నారు: 28+25 = 53. రెండు వైపుల నుంచీ ఒకటే జవాబు వచ్చింది కాబట్టి ఇక సందేహం లేదు.

అయిదు తగ్గింపులూ ఏ వరుసల్లో? 57, 58లో మూయడం అయిపోతుంది. "తర్వాతి వరుసలోనూ, ఆపైన ఒకటి విడిచి ఒకటి" అంటే 59, 61, 63, 65, 67. ఇప్పుడు డిజైన్‌లో అవి ఎన్నో వరుసలో చూడాలి. 57 మళ్ళీ డిజైన్ ఒకటో వరుస, 59 మూడో వరుస (అంతా నిట్), 61 అయిదో వరుస (చిల్లులు), 63 ఏడో వరుస, 65 ఒకటో వరుస (చిల్లులు), 67 మూడో వరుస. అంటే మూడు తగ్గింపులు సాదా వరుసల్లో, రెండు చిల్లుల వరుసల్లో పడ్డాయి. చిక్కంతా ఆ రెండింటిలోనే, 57లో కొంచెం.

57లో నాలుగు మూసేశాక కుడి సూది మీద ఒక కుట్టు ఉండిపోతుంది, అది మూసిన నాలుగులోది కాదు, తర్వాతి నిట్‌లలో మొదటిది. చాలామంది దాన్ని లెక్కలో వదిలేసి ఇంకో రెండు అల్లుతారు, అక్కడి నుంచి చిల్లులన్నీ ఒక కుట్టు పక్కకి జరిగిపోతాయి. అందుకే లిస్టులో నేనైతే "4 మూసి, 2 నిట్ (మొదటిది ఇప్పటికే సూది మీదుంది)" అని రాస్తాను. మిగతాది ముక్కలు ఎనిమిది, చివర 1. 4+2+64+1 = 71 తీసుకుంది, 67 ఇచ్చింది.

61, 65 వరుసలకి గళ్ళ కాగితం తీసుకోండి. 71 కుట్లకి 71 గళ్ళు, నంబర్లు వేయండి. ఒకటో వరుసలో మూడేసి కుట్ల చిల్లుల జతలు 7-9, 15-17, ఇలా 63-65 దాకా వస్తాయి. అయిదో వరుసలో 3-5, 11-13, ఇలా 67-69 దాకా. చంక దగ్గర మూసినవీ తగ్గించినవీ రెండు చివరల నుంచీ కొట్టేసుకుంటూ వస్తే ఏ వరుసలో ఏ గళ్ళు బతికున్నాయో కనపడుతుంది. 61వ వరుస మొదలయ్యేసరికి 6 నుంచి 66 దాకా ఉన్నాయి. 3-5 జత పోయింది, 67-69 జతా పోయింది, మధ్యలో ఏడు జతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, అంచుల్లో తగ్గింపుకి చోటుంది. హాయిగా అల్లుకోవచ్చు.

65 దగ్గర అలా కాదు. అప్పటికి 8 నుంచి 64 దాకా 57 కుట్లున్నాయి. ఒకటో జత 7-9లో ఏడో కుట్టు పోయింది, ఎనిమిదీ తొమ్మిదీ మాత్రమే మిగిలాయి. "డిజైన్ వదలకూడదు" అనుకునేవాళ్ళు ఏం చేస్తారంటే, ఆ రెండింటినీ కలిపి అల్లి, అది చంక తగ్గింపు అనుకుని, దాని పక్కనే జతలోని మిగిలిన "ఊలు ముందుకు" కూడా వేసేస్తారు. రెండు తీసుకుని రెండు ఇచ్చింది. తగ్గించామనుకుంటారు, తగ్గలేదు. రెండో చివర కూడా అలాగే చేస్తే 57తో మొదలై 57తోనే ముగుస్తుంది, 55 రావాల్సింది. చూడ్డానికి చిల్లు అందంగానే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. వెనక భాగం రెండు కుట్లు వెడల్పుగా తయారై, భుజాలు కుట్టేటప్పుడు ముందు భాగంతో కలవదు.

నేను పాటించే నియమం ఒక్కటే. చిల్లుల జతకి మూడు కుట్లూ ఉంటేనే జత అల్లాలి, లేకపోతే చిల్లులు రెండూ మానేసి మిగిలినవి సాదా నిట్ చేయాలి. చంక తగ్గింపు విడిగా, అంచులో జరగాలి. ఆ లెక్కన 59 నుంచి 65 దాకా చెక్‌లిస్ట్ ఇలా వస్తుంది. "జత" అంటే ఊలు ముందుకు, మూడు కలిపి ఒకటి, ఊలు ముందుకు:

```
వరుస | ఏం అల్లాలి                                | తీసుకునేవి | మిగిలేవి
59 | 2 కలిపి, 59 నిట్, 2 కలిపి                      | 63 | 61
60 | అన్నీ పర్ల్                                   | 61 | 61
61 | 2 కలిపి, 3 నిట్, (జత, 5 నిట్)×6, జత, 3 నిట్, 2 కలిపి | 61 | 59
62 | అన్నీ పర్ల్                                   | 59 | 59
63 | 2 కలిపి, 55 నిట్, 2 కలిపి                      | 59 | 57
64 | అన్నీ పర్ల్                                   | 57 | 57
65 | 2 కలిపి, 5 నిట్, (జత, 5 నిట్)×6, 2 కలిపి          | 57 | 55
```

66 పర్ల్, 67లో 2 కలిపి, 51 నిట్, 2 కలిపి, 53 మిగులుతాయి. అక్కడి నుంచి 98 దాకా తగ్గింపుల్లేవు. కానీ 69లో ఒకటి చూడండి. అది అయిదో వరుస డిజైన్, బతికున్న గళ్ళు 10 నుంచి 62. మొదటి జత 11-13, అంటే 1 నిట్, వెంటనే చిల్లు. లెక్క సరిపోతుంది (1 నిట్, ఏడు జతలు, మధ్యలో అయిదేసి నిట్‌లు ఆరుసార్లు, 1 నిట్, మొత్తం 53), అయినా నేను అలా అల్లను. చంక అంచుకి ఒక్క కుట్టు ఎడంలో చిల్లుంటే తర్వాత అక్కడి నుంచి రిబ్‌కి కుట్లు ఎత్తేటప్పుడు అంచు సాగిపోతుంది. ఆ చివరి జతలు రెండూ మానేసి 9 నిట్, అయిదు జతలు వాటి మధ్య అయిదేసి నిట్‌లతో, మళ్ళీ 9 నిట్ అని రాసుకోండి. 9+15+20+9, ఇదీ 53. ఇది నా ఇష్టం, పుస్తకంలో లేదు. అమ్మమ్మగారిలాగే ఉండాలంటే పాత స్వెటర్ ఎక్కడైనా దొరికితే దాని చంక చూసి నిర్ణయించుకోండి.

ఇదంతా గూగుల్ షీట్స్‌లో పెట్టుకుంటే పోలిక అదే చేస్తుంది. ఏ కాలమ్‌లో వరుస నంబరు, బీలో అల్లాల్సింది, సీలో తీసుకునేవి, డీలో మిగిలేవి, మొదటి లైన్ శీర్షికలకి వదిలి, ఈ కాలమ్ మూడో లైన్లో ఈ ఫార్ములా వేసి కిందికి లాగండి:

```
=IF(C3=D2,"సరి","తేడా")
```

ఎఫ్ కాలమ్‌కి ఇన్సర్ట్ మెనూలోంచి చెక్‌బాక్స్ పెట్టుకోండి. సీ, డీ అంకెల్ని మాత్రం బీలో రాసిన పనుల్ని ఒక్కోటి కూడి వేయాలి. పై వరుసలోని అంకెని చూసి "71 కదా" అని వేసేస్తే అన్నీ "సరి" అనే వస్తాయి, ఆ షీట్ ఉన్నా లేనట్టే. కొందరు సీని ఏకంగా డీకి లింక్ చేసేస్తారు, అదీ ఇంతే. నేనైతే లెక్క షీట్‌లో తేల్చుకుని, అల్లడానికి ప్రింట్ తీసుకుంటాను, ఊలు పట్టుకున్న చేత్తో మాటిమాటికీ ఫోన్ తెరవడం నావల్ల కాదు.

కాగితం మీద అంతా సరిపోయినా ఈ లెక్క పట్టుకోలేనివి కొన్నున్నాయి. ఒకటి, ఎదురెదురు తప్పులు. ఒకచోట చిల్లు మానేసి ఇంకోచోట అదనంగా వేస్తే మొత్తం సరిపోతుంది, డిజైన్ చెడుతుంది. రెండు, పేరు ఒకటై పని వేరైనవి. పాత పాటర్న్‌లలో "ఎమ్ 1" అని ఉంటే ఒక్కోసారి చిల్లు పడే పెంపు, ఒక్కోసారి చిల్లు పడని పెంపు, రెండూ ఒక కుట్టే ఇస్తాయి కాబట్టి కూడికకి తేడా తెలియదు. మీ పేజీలో రిబ్ దగ్గర "inc" అనీ, డిజైన్‌లో "వై-ఫార్వర్డ్" అనీ వేర్వేరుగా రాశారు, అదృష్టవంతులు. మూడు, సూది నంబరు. ఇక్కడ రాసిన 10, 8 బ్రిటిష్ నంబర్లు, వాటిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది: 10 అంటే 3.25 మి.మీ., 8 అంటే 4 మి.మీ. ఆన్‌లైన్‌లో "సైజ్ 8" అని వెతికితే అమెరికన్ 8 రావచ్చు, అది 5 మి.మీ. కుట్లు 71 అంటే 71 ఉంటాయి, స్వెటర్ మాత్రం మీ వారికి సరిపోతుంది. నంబరు కాకుండా మిల్లీమీటర్లు చూసి కొనండి.

అందుకే 67 ఎక్కించేముందు చిన్న ముక్క ఒకటి అల్లి చూడాలి. ఎన్ని కుట్లతో అన్నది కూడా అదే లెక్క నుంచి వస్తుంది: 8 రెండుసార్లు, ప్లస్ 7, మొత్తం 23. ఒకటో వరుసకి 6+16+1, అయిదో వరుసకి 2+16+5, రెండూ 23కి కుదురుతాయి. డిజైన్ రెండుసార్లు వచ్చేలా 16 వరుసలు అల్లండి. చిల్లులు ఒక వరుసలో ఉన్నవాటి మధ్యకి తర్వాతి వరుసవి రావాలి, ఇటుకల గోడలో అతుకుల్లాగా అనుకోండి. అలా కాకుండా ఒకదాని మీద ఒకటి నిలువుగా వస్తే అయిదో వరుస ముందున్న 2ని మీరు 6గా అల్లినట్టు. ఆ ముక్క మీదే స్కేల్ పెట్టి 10 సెం.మీ.కి 22 వస్తున్నాయో లేదో కూడా చూసుకోండి, మీ చేతి టెన్షన్ బిగువుగా ఉంటే ఒక సైజు లావు సూది తీసుకోవాలి.

ముందు భాగం ఫొటో అసంపూర్తిగా ఉంది కానీ కనపడినంతలో సరిచూశాను. 53 దాకా వెనక భాగంలాగే, అక్కడ మధ్య కుట్టు ఒకటి పిన్నుకి ఎక్కించి రెండు వైపులా 26 చొప్పున విడదీయమన్నారు: 26+1+26, సరిపోయింది. ప్రతి వైపూ భుజానికి 14 మిగలాలి, ఎందుకంటే వెనక భుజం 7, 7 కలిపి 14. కాబట్టి వి మెడకి ఒక్కో వైపు 12 తగ్గాలి. "ఒకటి విడిచి ఒకటి" అని ఉంది, 12 తగ్గింపులకి 24 వరుసలు. 68 తర్వాత 98 దాకా 30 వరుసలున్నాయి కాబట్టి చోటు చాలుతుంది, పైన ఆరు వరుసలు తగ్గింపుల్లేకుండా అల్లుకోవాలి. అదే "మూడో వరుసకోసారి" అయ్యుంటే 36 వరుసలు పట్టేవి, ముందు భాగం వెనకదానికంటే పొడుగయ్యేది. ఇలా వరుసల లెక్క కూడా ఒకసారి చూసుకోవాలి, కుట్లు కుదిరినంత మాత్రాన పొడవు కుదిరినట్టు కాదు.

మెడ చుట్టూ రిబ్‌కి ఎన్ని కుట్లు ఎత్తాలో ఉన్న లైన్ మీ మూడో ఫొటోలో కుడి అంచున తెగిపోయింది. వెనక మెడ 25, మధ్య పిన్ను మీద 1, ఈ రెండూ మనకి తెలుసు. వి రెండు పక్కలా ఒక్కో పక్కకి ఎన్ని అన్నదే కనపడట్లేదు. రెండు పక్కలా సమానంగా ఎత్తితే మొత్తం ఎటూ సరి సంఖ్యే వస్తుంది, గుండ్రంగా అల్లే ఒకటి నిట్ ఒకటి పర్ల్ రిబ్‌కి అదే కావాలి. పిన్నిగారు మళ్ళీ తీసేటప్పుడు ఆ పేజీ కుట్టు దగ్గర నొక్కిపట్టి అంచుదాకా తీయమనండి. ఫొటో వచ్చాక ఇక్కడే పెట్టండి, ఆ అంకె కూడా చూద్దాం.